పీచు ఎక్కువైతే దేన్ని ఆపాలి? తవుడు, ఇసబ్గోల్, ఇనులిన్: మూడింటికీ పోలిక

"ఏమే, పీచు తింటే కడుపు తేలికవుతుందన్నావు. నాకైతే రాయి మింగినట్టుంది" అని మా అక్క ఫోన్ చేసింది. అన్నమాట నిజమే. నేను డైటీషియన్‌ని, ఆ సలహా వందమందికి చెప్పి ఉంటాను. కాకపోతే అక్క దాన్ని మూడు రకాలుగా, మూడూ ఒకేసారి పాటించింది. రోజూ ఆరు టేబుల్ స్పూన్ల గోధుమ తవుడు, పొద్దునా రాత్రీ ఒక్కో చెంచా ఇసబ్గోల్, మధ్యలో ఆకలేస్తే "హై ఫైబర్" అని రాసున్న బార్లు రెండు. మూడు వారాలకు పొట్ట ఉబ్బి, గ్యాస్ పట్టి, విరేచనం గట్టిపడింది. పైగా రెండు నెలలుగా ఐరన్ మాత్రలు వేసుకుంటున్నా హిమోగ్లోబిన్ 10.2 నుంచి 10.4కే వచ్చింది.

ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసేవి రెండే. ఇంకా సరిపోలేదేమోనని మరో చెంచా వేస్తారు, లేదా విసిగిపోయి అన్నీ ఒకేసారి మానేస్తారు. మొదటిదాంతో ఇబ్బంది పెరుగుతుంది. రెండోదాంతో తగ్గొచ్చు గానీ, దేనివల్ల తగ్గిందో తెలియదు. గ్యాస్ తెప్పించేది ఒకటి, గట్టిగా అడ్డుపడేది ఇంకొకటి, ఐరన్‌ను పట్టి ఉంచేది మరొకటి. మీ బాధ ఏదో చూసుకుని, దానికి కారణమైనదాన్నే తీసేయాలి.

ముందు లెక్క రాసుకోండి

అక్క చేత ఒక రోజు తిన్నదంతా రాయించాను. మామూలు భోజనం నుంచి వచ్చే పీచు దాదాపు 22 గ్రాములు. తవుడు ఒక టేబుల్ స్పూన్ సుమారు 4 గ్రాముల బరువుంటుంది, అందులో నలభై శాతానికి కాస్త పైన పీచే. ఆరు స్పూన్లకు 10 గ్రాములు. ఇసబ్గోల్ చెంచా 5 గ్రాములు అనుకుంటే, రెండు చెంచాలకు సుమారు 8 గ్రాముల పీచు. బార్లు ఒక్కోదానిలో 5 గ్రాములని అట్ట మీదే ఉంది, అదొక 10. మొత్తం 50.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాములు అంటుంది. అమెరికా లెక్కల్లో ఆడవాళ్లకు 25, మగవాళ్లకు 38. ఇంతకు మించి తినకూడదన్న పై హద్దు మాత్రం ఆ లెక్కల్లో లేదు. అందుకే 50 అనే అంకె ఒక్కటే చూసి తప్పు అనలేం. అంత పీచు కూరగాయలు, పప్పులు, పండ్ల నుంచి తిని హాయిగా ఉండేవాళ్లున్నారు. కానీ వాళ్లు ఏళ్ల తరబడి అలవాటుపడ్డారు, పైగా ఆ తిండిలో నీళ్లు ఉంటాయి. అక్క 22 నుంచి 50కి మూడు రోజుల్లో వెళ్లింది, పెరిగిందంతా పొడి రూపంలోనే. నీళ్లేమో ఎప్పుడూ తాగే అంతే.

గ్యాస్ మీ ప్రధాన బాధ అయితే

మొదట అనుమానించాల్సింది ఇనులిన్‌ని. చాలా ఫైబర్ బార్లలో, తియ్యగా ఉండే ఫైబర్ పొడుల్లో కలిపేది ఇదే. చికోరీ వేరు నుంచి తీస్తారు కాబట్టి అట్ట మీద "చికోరీ రూట్ ఫైబర్" అని కూడా రాస్తారు. ఇది నీళ్లలో కరిగిపోతుంది, రుచిని పాడుచేయదు, నాలుకకు తెలియదు. తయారుచేసేవాళ్లకు దాని మీద మోజు అందుకే. పేగులోని బ్యాక్టీరియాకు కూడా మోజే. ఇనులిన్ పెద్ద పేగులోకి అడుగుపెట్టగానే అవి దాన్ని వేగంగా పులియబెట్టేస్తాయి. హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ పుడతాయి. అంత గ్యాస్ తక్కువసేపట్లో పుట్టేసరికి పొట్ట డోలులా బిగుస్తుంది.

ఇసబ్గోల్ దీనికి పూర్తిగా వేరు. అది నీళ్లు పీల్చి జిగురుగా మారుతుంది గానీ, బ్యాక్టీరియా దాన్ని పెద్దగా పులియబెట్టలేదు. అందుకే సరిగ్గా తీసుకుంటే గ్యాస్ తక్కువ. మిథైల్ సెల్యులోజ్ అనే తయారీ పీచు అసలే పులియదు. గ్యాస్ అంటే బెంబేలెత్తేవాళ్లు ఆ రకాన్ని చూడొచ్చు. తవుడు ఈ విషయంలో మధ్యరకం, కొంత పులుస్తుంది, చాలావరకు అలాగే బయటికి పోతుంది.

ఇనులిన్ చెడ్డదని కాదు. చాలామంది రోజుకు కొద్ది గ్రాములు ఇబ్బంది లేకుండా తట్టుకుంటారు. కానీ పేగు సున్నితంగా ఉండేవాళ్లకు, అంటే ఐబీఎస్ ఉన్నవాళ్లకు, ఆ కొద్దే ఎక్కువ కావచ్చు. పరీక్ష సులభం. ఇనులిన్ ఉన్నవన్నీ మూడు, నాలుగు రోజులు ఆపి చూడండి. కారణం అదే అయితే తేడా ఆ కొద్ది రోజుల్లోనే తెలిసిపోతుంది. వారం గడిచినా ఉబ్బరం అలాగే ఉంటే అనుమానం ఇంకోదాని మీదికి మళ్లించాలి.

అక్కకు మూడో రోజుకే బిగువు సగం తగ్గింది. "మరి అది ఆరోగ్యకరమైన బార్ కదే" అంది నిష్ఠూరంగా. దాని అట్ట మీద ఆ మాట ఎంత పెద్ద అక్షరాలతో రాశారో నాకూ తెలుసు.

గట్టిపడటం, అడ్డుపడటం అయితే

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే తవుడూ ఇసబ్గోల్ రెండూ మలబద్ధకానికే వాడతారు, రెండూ అదే మలబద్ధకాన్ని పెంచగలవు, కానీ వేర్వేరు దారుల్లో.

తవుడు నీటిని స్పాంజిలా పీల్చి మలాన్ని మెత్తబరుస్తుందని అనుకుంటాం. అసలు పని వేరుగా జరుగుతుంది. తవుడులోని ముతక ముక్కలు పేగు గోడను రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడికి గోడ నీటినీ, జిగురునూ వదులుతుంది. దాంతో మలం కదులుతుంది. అంటే ఇక్కడ ముతకదనమే మందు. తవుడును మెత్తగా పొడి చేస్తే ఆ రాపిడి పోతుంది, మిగిలేది పొడి బరువు. మెత్తటి తవుడు కొందరిలో మలాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. అక్క చేసింది అచ్చంగా అదే. గొంతులో గరగరలాడుతోందని మిక్సీలో వేసి పిండిలా చేసుకుని పాలల్లో కలుపుకుని తాగింది.

ఇసబ్గోల్ పద్ధతి సున్నితమైనది. నీళ్లు పట్టుకుని జెల్‌గా మారి, పెద్ద పేగులో కూడా ఆ నీటిని వదలకుండా చివరిదాకా తీసుకెళుతుంది. అందుకే గట్టి మలాన్ని మెత్తబరుస్తుంది, పలచటి మలాన్ని చిక్కబరుస్తుంది. కానీ ఆ నీళ్లు మీరివ్వాలి. ఒక చెంచాకు కనీసం 240 మిల్లీలీటర్లు, అంటే పెద్ద గ్లాసు నిండా. అక్క సగం గ్లాసులో కలిపి, గట్టిపడేలోపే గబగబా మింగేది, రాత్రిదేమో మంచం ఎక్కబోతూ.

అసలు ప్రమాదం అక్కడే. నీళ్లు చాలకపోతే ఇసబ్గోల్ పేగుదాకా వెళ్లకుండా గొంతులోనో, అన్నవాహికలోనో ఉబ్బి ఇరుక్కోవచ్చు. అమెరికాలో ఇసబ్గోల్ ఉన్న మందుల మీద ఊపిరి ఆడకపోయే ప్రమాదం గురించి హెచ్చరిక ముద్రించడం అందుకే తప్పనిసరి. అదే దేశంలో 1990లో, నీళ్లు తగిలితే ఇలాగే ఉబ్బే గ్వార్ గమ్ అనే గోరుచిక్కుడు గింజల జిగురుతో చేసిన బరువు తగ్గించే మాత్రలను అధికారులు మార్కెట్ నుంచి తీయించారు. అవి అన్నవాహికలో ఉబ్బి అడ్డుపడిన సంఘటనలు వరుసగా బయటపడ్డాయి. జెల్ అయ్యే పీచును మాత్రగానో, పొడిగానో ఎండుగా మింగడం ఎప్పటికీ తప్పే.

కాబట్టి ఎంపిక ఇలా ఉంటుంది. మలం గట్టిగా ఉండి, మీరు నీళ్లు బాగా తాగగలిగితే, తవుడు ఆపి ఇసబ్గోల్ ఉంచుకోండి. పగటిపూట, నిటారుగా కూర్చుని, ఒక చెంచాతో మొదలుపెట్టండి. గుండె లేదా కిడ్నీ జబ్బు వల్ల నీళ్లు తక్కువ తాగమని డాక్టర్ చెప్పినవాళ్లు, మింగడం కష్టంగా ఉన్నవాళ్లు, ఇంతకుముందు పేగులు సన్నబడ్డవాళ్లు, కడుపు ఆపరేషన్ అయినవాళ్లు రెండింటినీ సొంతంగా మొదలుపెట్టకూడదు. షుగర్ వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అయ్యేవాళ్లకు పీచు ముద్దకట్టి కడుపులోనే గడ్డలా నిలిచిపోయే ప్రమాదం ఉంది. మార్ఫిన్ లాంటి నొప్పి మందుల వల్ల వచ్చిన మలబద్ధకానికి కూడా మలాన్ని లావు చేసే ఈ పొడులు సరికావు. అక్కడ పేగు కదలికే మందగించి ఉంటుంది, లావుగా ఉన్నదాన్ని తోసే శక్తి దానికి ఉండదు.

ఐబీఎస్ ఉన్నవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. 1994లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో, తవుడు తిన్న ఐబీఎస్ రోగుల్లో 55 శాతం మందికి బాధ పెరిగిందని, 10 శాతం మందికే తగ్గిందని తేలింది. అందుకే ఈ రోజుల్లో ఐబీఎస్‌కు పీచు కావాలంటే కరిగే రకాన్నే, అంటే ఇసబ్గోల్ లాంటిదాన్నే సూచిస్తారు, తవుడును వద్దంటారు. ఐబీఎస్ ఉన్నవాళ్లు ఇప్పటికీ మిత్రుల మాట విని తవుడు కొనుక్కోవడం చూస్తుంటే నాకు కాస్త కోపమే వస్తుంది.

ఏదీ తీసుకోకపోవడం కూడా ఒక ఎంపికే

ఇది డైటీషియన్లు ఒప్పుకోవడానికి ఇష్టపడని మాట. 2012లో సింగపూర్ వైద్యులు, కారణం తెలియని మలబద్ధకంతో ఉన్న 63 మంది చేత పీచు తగ్గించి చూశారు. పూర్తిగా ఆపేసినవాళ్లలో, అంతకుముందు దాదాపు నాలుగు రోజులకోసారి అయ్యే విరేచనం రోజూ అవ్వడం మొదలైంది. ఉబ్బరం, ముక్కాల్సిరావడం కూడా తగ్గాయి. చిన్న అధ్యయనం, ఎవరు ఏ గుంపులో ఉండాలో చీటీ వేసి పంచింది కూడా కాదు. అందుకని దీన్ని చూపించి అందరూ పీచు మానేయాలనలేం.

కానీ దీని వెనక అర్థం ఉంది. మలబద్ధకం అన్నీ ఒకటి కావు. కొందరికి పేగు కదలికే మందగిస్తుంది, కొందరికి విసర్జన సమయంలో కింది కండరాలు వదులవ్వాల్సింది పోయి బిగుసుకుంటాయి. ఈ రెండు రకాల వాళ్లలో ఎక్కువమందికి పీచు పెంచినా మేలు జరగదని 1997 నాటి మరో అధ్యయనం చూపింది. అక్కడ మరిన్ని చెంచాలు వేయడమంటే మూసుకున్న తలుపు దగ్గర ఇంకా జనాన్ని పోగేయడమే. రోజుకు 25 గ్రాముల పైన పీచు, తగినంత నీళ్లు, నాలుగు వారాలు తీసుకున్నా మార్పు లేకపోతే మోతాదు పెంచకండి. కారణం ఏంటో పరీక్ష చేయించుకోండి.

ఐరన్, జింక్ పట్టకపోవడం అయితే

ఇక్కడ దోషి దాదాపుగా తవుడే, అదీ అందులోని పీచు కన్నా దాంతో పాటు వచ్చే ఫైటేట్. గింజ తన ఫాస్ఫరస్‌ను ఫైటేట్ రూపంలో దాచుకుంటుంది, ఎక్కువ భాగం పైపొరల్లోనే. ఆ పొరలనే మనం తవుడు అంటాం. ఫైటేట్ పేగులో ఐరన్, జింక్, కాల్షియంలను పట్టుకుని కరగని ముద్దగా చేస్తుంది, దాన్ని మన శరీరం విడగొట్టలేదు.

పీచా, ఫైటేటా అన్న సందేహం కొత్తదేం కాదు. 1940ల మొదట్లో ఇంగ్లండ్‌లో మెకాన్స్, విడోసన్ అనే ఇద్దరు పరిశోధకులు మనుషులకు తెల్ల రొట్టె, తవుడు ఉన్న గోధుమ రొట్టె పెట్టి చూశారు. గోధుమ రొట్టె తిన్నప్పుడు కాల్షియం తక్కువగా పట్టింది. తర్వాత రొట్టెలోంచి ఫైటేట్‌ను తీసేసి పెడితే ఖనిజాలు మెరుగ్గా పట్టాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడ కాల్షియం కోసం పిండికి సుద్ద కలపడం వెనక ఈ ఆందోళనే ఉంది.

ఇసబ్గోల్‌లో ఈ ఫైటేట్ గొడవ పెద్దగా లేదు. ఇనులిన్‌లోనూ లేదు. కానీ ఇసబ్గోల్ జెల్ మందులను తనలో చుట్టేసుకుని, శరీరానికి అందకుండానో ఆలస్యంగానో చేయగలదు. కాబట్టి ఏ మాత్రకైనా దానికీ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు పీచు పొడులు ఏవైనా దాని దగ్గరకు రానీయకూడదు. మందు మోతాదు సరిపోవట్లేదని పెంచుకుంటూ పోయి, చివరికి పొద్దున్నే వేసుకునే తవుడు కారణమని తేలినవాళ్లున్నారు.

రక్తం తక్కువగా ఉన్నవాళ్లు, గర్భిణులు, ఎక్కువ రుతుస్రావం అయ్యే ఆడవాళ్లు, పెరిగే పిల్లలు తవుడును అదనంగా చల్లుకోవడం నాకు నచ్చదు. తప్పదంటే ఐరన్ ఎక్కువున్న పూట కాకుండా వేరే పూటకు మార్చుకోండి. ఆ పూట పుల్లటి పండు ఏదైనా తింటే అందులోని విటమిన్ సి ఫైటేట్‌కు కొంత విరుగుడు. ఇక గింజలను నానబెట్టి, మొలకెత్తించి, పులియబెట్టి వండితే వాటిలోని ఎంజైమే ఫైటేట్‌ను కొంత విరగ్గొడుతుంది. డబ్బాలో వచ్చే వేయించిన తవుడుకు మాత్రం ఈ మాట వర్తించదు. వేడికి ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, నానబెట్టినా పెద్దగా ఉపయోగం ఉండదు.

మామూలుగా అన్నీ తినే ఆరోగ్యవంతులకు తిండిలోంచి వచ్చే ఫైటేట్ వల్ల లోపం రాదు. దీన్ని చదివి పప్పులు మానేయకండి. ఇక్కడ మాట విడిగా, చెంచాలతో వేసుకునే తవుడు గురించే.

ఎప్పుడు ఇంట్లో ప్రయోగాలు ఆపాలి

పొట్ట ఉబ్బి, నొప్పి అలలు అలలుగా వస్తూ, వాంతులవుతూ, విరేచనమే కాదు గ్యాస్ కూడా వెళ్లకపోతే, అది పేగు మూసుకుపోయిన గుర్తు. నీళ్లు తాగి చూద్దాం, విరేచనం మాత్ర వేద్దాం అనుకోకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లాలి. పొడి మింగాక ఛాతీ పట్టేసి, ఉమ్ము కూడా మింగలేకపోతే అదీ అంతే అత్యవసరం.

మరొకటి మోసగిస్తుంది. చాలా రోజులు గట్టిగా ఉండి, ఉన్నట్టుండి పలచటి నీళ్లలా పోతుంటే హమ్మయ్య కదిలింది అనుకుంటారు. లోపల గడ్డకట్టి అలాగే ఉంటే, దాని పక్క నుంచి నీళ్లు జారుతుంటాయి. పెద్దవయసు వాళ్లలో ఇది మామూలే. దీన్ని విరేచనాలనుకుని ఆపే మందు వేసినా, పీచు పెంచినా పరిస్థితి ముదురుతుంది.

అక్క విషయంలో ఏం చేశాం

మొదటి వారం బార్లు మాత్రమే ఆపించాను. గ్యాస్ సంగతి పైన చెప్పాను. రెండో వారం తవుడు పూర్తిగా ఆపించి, రాత్రి ఇసబ్గోల్ కూడా తీసేయించాను. మిగిలింది ఉదయం పదకొండు గంటలకు ఒక చెంచా ఇసబ్గోల్, నిండు గ్లాసు నీళ్లతో, వెంటనే ఇంకో గ్లాసు. 50 కాస్తా 26 అయింది. అయిదో రోజుకు మలం మెత్తబడింది. "సగం పీచుకు రెట్టింపు పని" అంది.

ఐరన్ మాత్రను ఇసబ్గోల్‌కు చాలా దూరంగా, సాయంత్రం ఖాళీ కడుపున వేసుకోమన్నాను. కడుపులో తిప్పితే కొద్దిగా పండుతో తీసుకోమన్నాను. రెండు నెలలకు హిమోగ్లోబిన్ 11.6. తవుడు ఒక్కటే కారణమని నేను పందెం కాయను, అంతకుముందు మాత్రలు కొన్ని రోజులు ఎగ్గొట్టేది కూడా. కానీ తవుడు పాలతో కలిపి మాత్ర మింగడం మాత్రం ఇక లేదు.

ఇప్పుడామెకు పీచు ఇంకా పెంచాలని ఉంది. వారానికి 3 నుంచి 5 గ్రాములు, అదీ కూరగాయల రూపంలోనే పెంచమన్నాను. ఒక వారం పెంచాక ఉబ్బరం వస్తే వెనక్కి ఒక మెట్టు దిగి, రెండు వారాలు అక్కడే ఉండాలి. డబ్బాలో మిగిలిన తవుడు ఏం చేయాలని అడిగింది. మొక్కలకు వెయ్యమన్నాను.